బాత్రూమ్ టైల్స్‌కు ముందు వాటర్‌ప్రూఫింగ్: సంకెన్ శ్లాబులో ఏ పూత, ఎన్నిసార్లు, నీళ్లు ఎన్నాళ్లు నిలబెట్టాలి?

వాటర్‌ప్రూఫింగ్‌కి ఏ డబ్బా కొనాలని చాలామంది అడుగుతారు. ఆ పూత ఎక్కడెక్కడ పడాలి, ఎన్నిసార్లు పడాలి అని అడిగేవాళ్లు తక్కువ. సంకెన్ శ్లాబు ఉన్న బాత్రూమ్‌లో మాత్రం ఈ రెండో ప్రశ్న తేలాకే మొదటి దానికి అర్థం ఉంటుంది. మామూలు రకం పూతను సరైన చోట్ల రెండుసార్లు వేసిన బాత్రూమ్ ఏళ్ల తరబడి పొడిగా ఉంటుంది. అన్నిటికన్నా ఖరీదైన పూతను ఒక్కచోట వేసి వదిలేస్తే రెండో వానాకాలానికే కింది గది సీలింగ్‌లో పసుపు మచ్చ కనిపించవచ్చు.

సంకెన్ అంటే బాత్రూమ్ శ్లాబును పక్క గదుల శ్లాబు కన్నా కిందికి దింపి పోయడం. సాధారణంగా 8 అంగుళాల నుంచి అడుగున్నర దాకా దింపుతారు. ఆ గుంటలో డ్రైనేజీ పైపులు, నేల మీది నీళ్లు దిగే ట్రాపులు పెట్టి, పైన ఏదో ఒకటి నింపి, దాని మీద టైల్స్ వేస్తారు. పైపు పాడైతే కింది ఇంటివాళ్ల సీలింగ్ పగలగొట్టకుండా మన బాత్రూమ్‌లోంచే బాగుచేసుకోవచ్చు. అది మేలే. అయితే శ్లాబుకీ టైల్‌కీ మధ్య ఒక తొట్టి తయారవుతుంది. టైల్స్ మధ్య గ్రౌట్ నీటిని పూర్తిగా ఆపదు. రోజూ కొంచెం కొంచెంగా దిగిన నీళ్లు ఆ తొట్టిలో చేరి, ఎక్కడికీ పోలేక అక్కడే నిలుస్తాయి.

ఈ సలహా అంతా ఒక ఉదాహరణ మీద చెబుతాను: 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, అడుగు లోతు సంకెన్ ఉన్న బాత్రూమ్. మీది చిన్నదైనా పెద్దదైనా లెక్క వేసే పద్ధతి ఇదే.

అడుగునా, పైనా, రెండు చోట్లా?

మొదటి పద్ధతిలో సంకెన్ గుంట అడుగునా, దాని పక్కగోడలకూ పూత వేసి, నింపేసి, నేరుగా టైల్స్ వేస్తారు. ఇప్పటికీ ఎక్కువగా జరిగేది ఇదే. ఇందులో కింది ఇంటికి నీళ్లు దిగకపోవచ్చు, కానీ నింపుడు మాత్రం ఎప్పుడూ తడిగానే ఉంటుంది. మన ఉదాహరణలో టైల్, దాని కింది మోర్టార్ పరుపు పోగా 10 అంగుళాల మందం నింపుడు ఉందనుకుందాం. అది ఇటుక ముక్కలైతే వాటి మధ్య ఖాళీలు పావు వంతు ఉన్నా, 200 లీటర్లకు పైగా నీళ్లు అందులో పడతాయి. ఆ నీళ్లు గోడ ప్లాస్టరింగ్‌లోకి ఎక్కుతాయి. పడకగది వైపు స్కర్టింగ్ పైన రంగు పొక్కుతుంది, తెల్లటి ఉప్పు పొడి రాలుతుంది. బాత్రూమ్ ఎంత కడిగినా ముక్కవాసన పోదు. కింద లీకేజీ లేదు కాబట్టి వాటర్‌ప్రూఫింగ్ బాగానే ఉందని అందరూ అనుకుంటారు, తప్పు గోడ రంగు మీద పెడతారు.

రెండో పద్ధతిలో అడుగున ఏమీ వేయకుండా, నింపాక పైన మాత్రం పూత వేస్తారు. వాడకం నీళ్లు లోపలికి దిగవు కాబట్టి కొన్నాళ్లు చాలా బాగుంటుంది. తరవాత ఎప్పుడో నింపుడు లోపలున్న పైపు జాయింటు ఒకటి వదులవుతుంది. ఆ నీళ్లు పై పూతను చూడను కూడా చూడవు, నేరుగా శ్లాబులోకి దిగుతాయి.

అందుకే రెండు చోట్లా వేయాలి. ఇందులో నాకు మొహమాటం లేదు. వాడకం నీటిని ఆపడానికి పై పూత, పైపు తప్పులను కాయడానికి అడుగు పూత. డబ్బు సరిపోవడం లేదంటే ఖరీదైన రకం ఒక చోట వేసే బదులు మధ్యరకం రెండు చోట్లా వేయించండి. శ్లాబు దింపని బాత్రూమ్ అయితే, అంటే పైపులు శ్లాబు కిందుగా పోయే చోట, నింపుడే ఉండదు కాబట్టి పై పూత ఒక్కటే చాలు.

ఇంకో చిన్న ఎంపిక కూడా ఇక్కడే తేల్చుకోవాలి. సంకెన్ గుంట అడుగున, అన్నిటికన్నా పల్లపు చోట, ఒక అంగుళం లేదా అంగుళంన్నర పైపు ముక్కను గోడలోంచి బయటి డక్ట్‌లోకి పెడతారు. లోపల నీళ్లు చేరితే అందులోంచి బయటికి కారిపోతాయి. ఇది పెట్టించండి. మూత పెట్టకండి, డ్రైనేజీ నిలువు పైపులో కలపనివ్వకండి. కలిపితే దుర్వాసనా పురుగులూ లోపలికొస్తాయి, పైపు పూడిన రోజు మురుగునీళ్లు వెనక్కి తన్ని గుంటలోనే చేరతాయి. అది మన కంటికి కనిపించే చోట తెరుచుకుని ఉండాలి. ఏళ్ల తరవాత ఆ గొట్టం నుంచి చుక్కలు పడ్డాయంటే లోపల ఏదో జాయింటు పోయిందని సీలింగ్ తడవకముందే తెలిసిపోతుంది.

ఏ రకం పూత?

మేస్త్రీలు ముందుగా చెప్పేది సిమెంట్‌లో కలిపే లిక్విడ్. 50 కిలోల బస్తాకు 200 మిల్లీలీటర్ల చొప్పున కలపడం మామూలు. మంచిదే, మోర్టార్ గట్టిగా, రంధ్రాలు తక్కువగా వస్తుంది. కానీ అది మోర్టార్‌ను మెరుగుపరిచే మందు మాత్రమే, పూత కాదు. ఆ మోర్టార్ ఎక్కడైనా వెంట్రుకంత చీలితే నీటికి దారి దొరికినట్టే. ప్లాస్టరింగ్‌లోనూ పరుపులోనూ కలపండి, అది కలిపాం కాబట్టి పూత అక్కర్లేదంటే మాత్రం ఒప్పుకోకండి.

ఎక్కువ బాత్రూమ్‌లకు నేను చెప్పేది రెండు భాగాల పాలిమర్ సిమెంట్ కోటింగ్. ఒక సంచిలో పొడి, ఒక డబ్బాలో తెల్లటి ద్రవం వస్తాయి. ప్యాకెట్ మీద రాసిన పాళ్లలో కలిపి బ్రష్‌తో వేయాలి. ఇది కొంచెం తడిగా ఉన్న కాంక్రీటు మీద కూడా పడుతుంది, ఎండాక సాగుతుంది, సన్నని చీలికలను తట్టుకుంటుంది, పైన టైల్ అడ్హెసివ్ కూడా చక్కగా పట్టుకుంటుంది. గట్టిపడే రకం, సాగే రకం అని ఇందులోనే రెండుంటాయి. బాత్రూమ్‌కు సాగే రకమే అడగండి. కలిపిన మిశ్రమం అరగంట, ముప్పావు గంటలో బిగుసుకుంటుంది కాబట్టి కొద్దికొద్దిగా కలుపుకోవాలి. బిగుస్తుంటే నీళ్లు పోసి పలచన చేయడం చాలా చోట్ల చూస్తాం. అలా వేసిన పూత ఎండాక గోటితో గీకితే పొడిలా రాలుతుంది.

పాలియురెథేన్ అని పిలిచే పీయూ పూత ఇంకా బాగా సాగుతుంది. శ్లాబు కదిలే చోట, ముందే చీలికలున్న పాత శ్లాబు మీద దాన్నే ఎంచుకుంటాను. కానీ దానికి కింద కాంక్రీటు నిజంగా ఎండి ఉండాలి, ప్రైమర్ వేయాలి. చెమ్మ మీద వేస్తే కొన్ని రోజుల్లోనే బొబ్బలు లేస్తాయి. ఇంకో సంగతి, సిమెంట్ నేరుగా పీయూ మీద అతుక్కోదు. చివరి కోటు పచ్చిగా ఉండగానే ఎండిన సన్నని ఇసుకను దట్టంగా చల్లి, ఎండాక వదులుగా ఉన్నది ఊడ్చేయాలి. ఆ ఇసుక గరుకే టైల్‌కు పట్టు. వానాకాలంలో, తడి ఆరని కొత్త భవనంలో, హడావుడిగా జరిగే పనిలో పీయూ వద్దనే చెబుతాను.

స్ఫటికాలు పెరిగి రంధ్రాలను మూసే క్రిస్టలైన్ రకం కాంక్రీటుకు మంచి స్నేహితుడు, ఇటుక గోడకూ ప్లాస్టరింగ్‌కూ కాదు. అది కాంక్రీటులో మిగిలిన సిమెంట్‌తో, నీటితో కలిసి పనిచేస్తుంది. సంకెన్ శ్లాబు అడుగున మొదటి రక్షణగా వాడవచ్చు, మూలలూ పైపుల చుట్టూ మాత్రం దాన్ని నమ్ముకోలేం, ఎందుకంటే అది సాగదు. ఇక మంటతో కాల్చి అతికించే తారు షీట్లు డాబా మీద బాగుంటాయి. ఐదారు పైపులు, నాలుగు మూలలు, రెండు ట్రాపులు ఉన్న చిన్న గుంటలో ప్రతి పైపు చుట్టూ షీటును కోసి అతికించాలి, పక్కనే ప్లాస్టిక్ పైపులుండగా మంట పెట్టాలి. బాత్రూమ్‌కు అవి వద్దు.

కాబట్టి మన ఉదాహరణకు అడుగునా పైనా సాగే పాలిమర్ సిమెంట్ కోటింగే తీసుకుందాం.

సరుకు ఎంత కావాలో ముందే లెక్కేసుకోండి, పని నాణ్యత సగం అక్కడే బయటపడుతుంది. అడుగు భాగం 40 చదరపు అడుగులు. చుట్టుకొలత 26 అడుగులు, కాబట్టి అడుగు ఎత్తు పక్కలకు 26. అక్కడితో ఆగకుండా గోడ మీదికి ఇంకో అర అడుగు ఎక్కిస్తే 13. అడుగు పూతకు మొత్తం 79. పై పూతకు నేల 40, షవర్ దగ్గర 8 అడుగుల పొడవు గోడకు 6 అడుగుల ఎత్తు దాకా 48, మిగతా 18 అడుగుల గోడకు అడుగు ఎత్తున 18, మొత్తం 106. రెండూ కలిపి 185 చదరపు అడుగులు, అంటే 17 చదరపు మీటర్లకు కాస్త ఎక్కువ. రెండు కోట్లూ కలిపి ఎండాక మిల్లీమీటరు మందం రావాలంటే చదరపు మీటరుకు సుమారు 1.8 కిలోల మిశ్రమం పడుతుంది. అంటే దాదాపు 31 కిలోలు, వృథా కలుపుకుని 34. పనివాళ్లు 10 కిలోల ప్యాకెట్ ఒక్కటి తెచ్చి మొత్తం అయిపోయిందంటే, వేసింది సున్నం పూసినంత మందమే. మీ సరుకు మీద రాసిన కొలత వేరుగా ఉంటే ఆ కొలతతోనే లెక్కేయండి. ఖాళీ సంచులూ డబ్బాలూ పని అయ్యేదాకా పారేయనివ్వకండి.

పూతకు ముందు చేసేది

ఈ భాగానికి ఎవరూ డబ్బు ఇవ్వరు, అందుకే ఎవరూ సరిగ్గా చేయరు. లీకేజీల్లో ఎక్కువ భాగం పుట్టేది కూడా ఇక్కడే.

ముందు గుంటను ఖాళీ చేసి, గట్టిపడిన సిమెంట్ ముద్దలను ఉలితో తీసి, వైరు బ్రష్‌తో రుద్ది, నీళ్లతో కడగాలి. ఇంకా ఏ పూతా లేకుండానే రెండు మూడు అంగుళాల నీళ్లు పోసి ఒక రోజు ఉంచండి. ఇది పాస్, ఫెయిల్ పరీక్ష కాదు, శ్లాబులో బోలు ఎక్కడుందో చూపించే పటం. కిందికి వెళ్లి తడిసిన చోటల్లా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. కాంక్రీటు సరిగ్గా కూరకపోవడం వల్ల వచ్చిన రాళ్లు తేలిన బోలు చోట్లు ఉంటే, వదులుగా ఉన్నదంతా చెక్కేసి పాలిమర్ కలిపిన మోర్టార్‌తో నింపాలి, లోతైతే గ్రౌట్ ఎక్కించాలి. పూత చీలికను కప్పుతుంది, గుంతను కాదు.

తరవాత పైపులు. గోడలోంచి, బీమ్‌లోంచి బయటికి పోయే పైపు ముక్కలను మాత్రమే ఈ దశలో బిగించాలి. లోపలి పైపు లైను అంతా పూత, పరీక్ష అయ్యాకే. పైపులన్నీ పరిచేశాక పూత వేయమంటే వాటి కింద బ్రష్ చేరదు, ఆ చేరని చోటే నీళ్లు నిలుస్తాయి. కన్నం వేసిన చోట పైపు చుట్టూ మామూలు సిమెంట్ కూరితే అది ఎండి కుంచించుకుపోయి సన్నని సందు వదులుతుంది. కుంచించుకుపోని గ్రౌట్ నింపాలి. ప్లాస్టిక్ పైపు నున్నగా ఉంటుంది కాబట్టి గ్రౌట్ తగిలే మేర గరుకు కాగితంతో రుద్దించండి. గ్రౌట్ నింపేటప్పుడే పైపు చుట్టూ వేలు మందం గాడి వదిలి, ఎండాక అందులో సాగే సీలెంట్ పెట్టాలి.

మూలలు మిగిలాయి. నేల, గోడ కలిసే చోట పదునైన మూల ఉంటే పూత అక్కడే పలచబడి, అక్కడే చిట్లుతుంది. పాలిమర్ కలిపిన సిమెంట్ మోర్టార్‌తో అంగుళం, రెండు అంగుళాల మేర మూలను గుండ్రంగా నింపాలి. దీన్ని కోవింగ్ అంటారు. బీమ్ పైన ఇటుక గోడ మొదలయ్యే గీత దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కాంక్రీటు, ఇటుక వేర్వేరుగా కదులుతాయి కాబట్టి ఆ గీత వెంట చీలిక రాక తప్పదు. కోవింగ్ మీదా, ఆ గీత మీదా, పైపుల చుట్టూ, మొదటి కోటు పచ్చిగా ఉండగానే అరచేయి వెడల్పు ఫైబర్ మెష్‌ను ఒత్తి, దాని మీదే రెండో కోటు వేయాలి.

ఇక పూత. కాంక్రీటును ముందు తడిపి, నిలిచిన నీళ్లు ఊడ్చేశాక వేయాలి. చేత్తో తాకితే చల్లగా ఉండాలి, వేలికి నీళ్లు అంటకూడదు. మొదటి కోటు పొడవునా, 4 నుంచి 6 గంటల తరవాత రెండో కోటు అడ్డంగా. రెండు కోట్లకూ కొంచెం రంగు తేడా ఉండేలా చూస్తే, వదిలేసిన చోట్లు ఇట్టే తెలుస్తాయి. గుంట నుంచి గోడ మీదికి ఎక్కిన పూత అంచు తరవాత పై పూతతో ఒకదాని మీద ఒకటి కలవాలి, మధ్యలో తెగకూడదు. మామూలు సిమెంట్ పనిలా ఈ సాగే పూతను వెంటనే నీళ్లతో తడపకూడదు. గాలికి ఆరనివ్వాలి.

నీళ్లు ఎన్నాళ్లు?

24 గంటలు చాలంటారు కొందరు, వారం ఉంచాలంటారు ఇంకొందరు. నా సలహా ఇది: అడుగు పూతకు 72 గంటలు, పై పూతకు 48. రెండింటికీ ముందు కనీసం 5 నుంచి 7 రోజులు పూత ఆరాలి. గాలి తిరగని చోట, తేమ వాతావరణంలో ఇంకో రెండు రోజులు కలపండి. తొందరపడి రెండో రోజే నీళ్లు పోస్తే లోపల ఆరని పూత మెత్తబడి లేచిపోతుంది, అప్పుడు పరీక్షే పూతను పాడుచేసినట్టవుతుంది.

24 గంటలు ఎందుకు చాలవంటే, పూతలో సూదిమొనంత రంధ్రం ఉన్నా నీళ్లు ముందు 5 అంగుళాల కాంక్రీటును తడపాలి, ఆ తరవాతే కింద మచ్చగా కనిపించాలి. పెద్ద తప్పులు మొదటి రోజే బయటపడతాయి, చిన్నవి రెండో రోజు చివర్లోనో మూడో రోజో. అడుగు పూతను మళ్లీ జన్మలో తెరిచి చూడలేం కాబట్టి దానికి మూడు రోజులు ఇవ్వడం ఎక్కువేం కాదు. వారం పాటు ఉంచడంలో కొత్తగా తెలిసేది తక్కువ, పని ఆలస్యం ఎక్కువ.

లోతు కూడా ముఖ్యమే. అడుగున పాదం మునిగేంత నీళ్లు పోసి పరీక్ష అయిందనడం సరికాదు. బయటికి పోయే పైపులు గోడలో ఎక్కడున్నాయో వాటి పైన కనీసం రెండు అంగుళాలు నీళ్లు ఉండాలి. మన బాత్రూమ్‌లో 6 అంగుళాలు అనుకుంటే సుమారు 560 లీటర్లు, అంటే చదరపు మీటరుకు 150 కిలోల బరువు. తరవాత వచ్చే నింపుడు బరువు కన్నా ఇది తక్కువే. శ్లాబు కింద సెంట్రింగ్ తీసేసి, కాంక్రీటు పూర్తి బలానికి వచ్చాకే ఇవన్నీ.

పైపు నోళ్లకు రబ్బరు టెస్ట్ ప్లగ్గులు బిగించండి. గుడ్డా ప్లాస్టిక్ కవరూ కుక్కితే అక్కడి నుంచే నీళ్లు జారిపోయి, పూత కారుతోందని రెండు రోజులు టెన్షన్ పడతాం. నీళ్ల మట్టం దగ్గర పెన్సిల్‌తో గోడ మీద గీత గీసి తేదీ, టైమ్ రాయండి. ఆ గుంటలోనే ఒక బకెట్‌లో నీళ్లు పోసి పెట్టి, దాని లోపల కూడా గీత గీయండి. ఎండకూ గాలికీ ఆవిరయ్యే నీళ్లు రెండింటిలోనూ దాదాపు ఒకేలా తగ్గుతాయి. మూడో రోజు బకెట్‌లో 5 మిల్లీమీటర్లు తగ్గి, గుంటలో కూడా అంతే తగ్గితే కంగారు లేదు. బకెట్‌లో 5, గుంటలో 15 తగ్గితే నీళ్లు ఎక్కడికో పోతున్నాయి.

ఎక్కడికో కనిపెట్టడానికి ఒక వరుస ఉంది. ముందు బయటి డక్ట్‌లో ప్లగ్గులు చూడండి. తరవాత కింది సీలింగ్. తడి మచ్చ కనిపిస్తే దాని అంచు వెంట సుద్దతో గీత గీసి 12 గంటల తరవాత చూడండి. గీత దాటి పెరిగితే లీకేజీ, అలాగే ఉంటే లేదా కుంచించుకుపోతే పాత తడి. సీలింగ్ పొడిగా ఉండి మట్టం తగ్గుతుంటే పక్క గది గోడ కింది భాగాన్ని, గడప దగ్గరి నేలను చేత్తో తాకి చూడండి. మచ్చకు సరిగ్గా పైనే రంధ్రం ఉందనుకోకూడదు. నీళ్లు కాంక్రీటులో అడ్డంగా నడుస్తాయి. ఒక ఇంట్లో కింది సీలింగ్ మధ్యలో మచ్చ పడింది. పైన ఆ చోటంతా రెండుసార్లు పూత వేసినా తగ్గలేదు. చివరికి నీళ్లన్నీ తోడేసి, రెండు అంగుళాల చొప్పున పెంచుతూ ఒక్కో రోజు ఆగి చూస్తే, నాలుగు అంగుళాలు దాటినప్పుడే మచ్చ మొదలైంది. ఆ ఎత్తులో ఉన్నది గోడలోంచి పోయే కమోడ్ పైపు ఒక్కటే. దాని కింది వైపు, బ్రష్ చేరని చోట, గ్రౌట్ వేలెడు మేర ఖాళీగా ఉంది.

లీకేజీ దొరికి సరిచేశాక 72 గంటలు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాలి. మిగిలిన గంటలు పూర్తి చేస్తే చాలనడం కుదరదు.

దేనితో నింపాలి?

పరీక్ష నెగ్గిన పూత మీద నేరుగా ఏదీ వేయకూడదు. అంగుళం మందం మోర్టార్ పరుపును, ఆ చిన్న గొట్టం వైపు వాలు ఉండేలా, ముందు వేయాలి. ఆ పరుపు మీద పైపులు పరిచి, శ్లాబుకు మేకు కానీ స్క్రూ కానీ దిగకుండా ఇటుక ముక్కల మీద నిలబెట్టి, పైపుల్లో నీళ్లు నింపి జాయింట్లు చూసుకున్నాక నింపుడు.

పగలగొట్టిన ప్లాస్టరింగ్, టైల్ ముక్కలు, సిమెంట్ సంచుల కాగితాలు, మేకులు అన్నీ కలిసిన చెత్తను గుంటలో పోయడం మాత్రం ఎట్టి పరిస్థితిలో ఒప్పుకోకండి. బొగ్గు బూడిద గడ్డలు కూడా వద్దు, వాటిలోని గంధకం తడి తగిలితే ఇనుముకు తుప్పు పట్టిస్తుంది. శుభ్రమైన ఇటుక ముక్కలను మోర్టార్‌తో కూర్చడం పాత పద్ధతి, పర్వాలేదు. కానీ మన గుంటకు అది టన్నున్నర బరువు తెస్తుంది, నీటిని పీలుస్తుంది. నురగ కాంక్రీటు అయితే అదే చోట ఆరేడు వందల కిలోలతో సరిపోతుంది, పైపుల కిందికి తనే పారి ఖాళీలు లేకుండా నింపుతుంది. దొరికితే అదే వేయించండి. పోసే ముందు పైపుల నిండా నీళ్లు నింపి నోళ్లు మూయండి. ఖాళీ పైపులు పచ్చి నురగ కాంక్రీటులో తేలి, వాలు తలకిందులవుతుంది. తేలిక బ్లాకుల ముక్కలూ వాడతారు, అవి నీళ్లు బాగా తాగుతాయి కాబట్టి పై పూత గట్టిగా ఉన్నప్పుడే.

పై పూత, రెండో పరీక్ష, టైల్స్

నింపుడు మీద పరుపు వేసేటప్పుడే ట్రాపు వైపు వాలు ఇచ్చేయాలి. వంద పాళ్లకు ఒకటి కన్నా తక్కువ ఉండకూడదు, షవర్ కింద ఇంకాస్త ఎక్కువైతే మంచిది. వాలును టైల్ కింద అడ్హెసివ్‌తో సర్దుకుందామంటే, టైల్ మీద నీళ్లు సరిగ్గానే పోతాయి కానీ టైల్ కిందికి దిగినవి పూత మీద నిలిచిపోతాయి.

ట్రాపు దగ్గర ఆగి చూడండి. ప్లంబర్ ట్రాపు అంచును టైల్ మట్టానికి పెడతాడు, మేస్త్రీ పూతను ఆ అంచు బయట ఆపేస్తాడు. దాంతో ట్రాపు చుట్టూ అంగుళం లోతు గుంట తయారై, కిందికి దిగిన నీళ్లన్నీ అక్కడ చేరతాయి. ట్రాపు నోరు పరుపు మట్టానికే ఉండాలి, పూత మెష్‌తో సహా దాని లోపలి అంచు మీదికి దిగాలి. జాలీని టైల్ మట్టానికి తెచ్చే ముక్కను ఆ పైన వదులుగా కూర్చోబెట్టాలి. అప్పుడు టైల్ కింద పారిన నీళ్లకు కూడా ట్రాపులోకి దారి ఉంటుంది.

గడప ఇంకో చోటు. గ్రానైట్ గడప రాయి పెట్టేశాక పూత వేస్తే అది రాయి దగ్గర ఆగిపోతుంది, నీళ్లు రాయి కింద నుంచి పడకగదిలోకి పోతాయి. రాయి పెట్టకముందే పూతను గడప కిందుగా, తలుపు చట్రం కాళ్ల చుట్టూ వేయాలి. చెక్క చట్రమైతే దాని కాళ్లు పరుపులోకి దిగకుండా రాయి మీదే ఆగాలి.

పై పూత పరీక్షకు గడప దగ్గర మోర్టార్‌తో చిన్న గట్టు కట్టి, దానికీ పూత వేసి, ఎత్తైన చోట అంగుళం మునిగేలా నీళ్లు పోసి 48 గంటలు ఉంచండి. బకెట్, పెన్సిల్ గీత పద్ధతి ఇక్కడా అంతే. ఈసారి సంకెన్ అడుగు గొట్టం కూడా సాక్షి. కింద సీలింగ్ పొడిగా ఉన్నా ఆ గొట్టంలోంచి చుక్కలు పడితే, అడుగు పూత కాపాడుతోంది, పై పూత కారుతోంది అని అర్థం. అందుకే నింపుడు తడి పూర్తిగా ఆరి, గొట్టం పొడిబారాకే ఈ పరీక్ష పెట్టాలి.

ఈ పరీక్ష గోడ లోపలి నీళ్ల పైపుల గురించి ఏమీ చెప్పదు. వాటిని టైల్స్‌కు ముందు, మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఒత్తిడితో పంపు పెట్టి విడిగా పరీక్షించాలి. గేజ్ ముల్లు కదలకుండా నిలవాలి.

నీళ్లు తీసేశాక టైల్స్‌కు ఎక్కువ రోజులు ఆగకండి. ఆగాల్సి వస్తే పూత మీద సంచులు పరిచి తలుపు వేయండి. దాని మీద మోర్టార్ కలపడం, నిచ్చెన నిలబెట్టడం, టైల్ కట్టర్ పెట్టడం, ఈ మూడూ రెండు వారాల పనిని ఒక్క పూటలో పాడుచేస్తాయి. టైల్స్‌ను రెండంగుళాల మోర్టార్ పరుపు మీద కన్నా పాలిమర్ కలిసిన అడ్హెసివ్‌తో, పళ్ల కరణెతో పరిచి అతికిస్తే మేలు. టైల్ కింద నీళ్లు నిలిచే మందమే ఉండదు. కమోడ్‌ను నేలకు బిగించే స్క్రూ కన్నాలు పూతను దాటి దిగుతాయి కాబట్టి ప్రతి కన్నంలో సీలెంట్ నింపి, అది పచ్చిగా ఉండగానే స్క్రూ బిగించమని ప్లంబర్‌కు ముందే చెప్పి ఉంచండి, ఆ రోజు దగ్గరుండి చూడండి.